ఐదో నెలలోనే స్క్రీన్ పగిలింది: వారంటీయా, రిపేరా, కొత్త ఫోనా?

2025 ఫిబ్రవరి 11, మంగళవారం సాయంత్రం ఎల్బీనగర్‌లో బస్సు దిగుతుంటే వెనక నుంచి ఎవరి బ్యాగో గట్టిగా తగిలి, చేతిలో ఉన్న ఫోన్ ఫుట్‌పాత్ అంచు మీద పడింది. అంతకుముందు దసరా సేల్‌లో 24,999 రూపాయలకు కొన్న ఫోన్ అది. ఇంకా నాలుగు నెలల ఈఎంఐ కట్టాలి. తీసి చూస్తే టెంపర్డ్ గ్లాస్ మీద ఒక్క గీత కూడా లేదు. హమ్మయ్య అనుకుని ఇంటికి వచ్చాను.

రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూసినప్పుడు కుడి వైపు కింది మూలలో వెంట్రుకంత సన్నని గీత కనిపించింది. గోరుతో రుద్దితే పైన ఏమీ తగల్లేదు. టెంపర్డ్ గ్లాస్ మెల్లగా లేపి, అసలు గాజు మీద గోరు పెట్టి జరిపితే ఆ గీత దగ్గర ఆగింది. అంటే పగిలింది లోపలి గాజే. అంచు మీద పడితే ఇలాగే అవుతుందని తర్వాత తెలిసింది. టెంపర్డ్ గ్లాస్ ముందు భాగాన్ని కాపాడుతుంది కానీ ఫోన్ అంచుల దాకా రాదు. దెబ్బ నేరుగా ఫ్రేమ్‌కి తగిలితే అక్కడి నుంచి గాజులోకి వెళ్లిపోతుంది. పైన గ్లాస్ బాగుంది కదా అని ధైర్యంగా ఉండకండి, ఒకసారి తీసి చూడండి.

టచ్ పనిచేస్తోంది, రంగులు మామూలుగానే ఉన్నాయి, వేలిముద్ర తీసుకుంటోంది. అయినా ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. డబ్బు ఒక్కటే కాదు, ఆఫీసు ఓటీపీలు, బ్యాంకు యాప్‌లు, మా పాప ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. పడుకునే ముందు రెండు పనులు చేశాను. ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ చాట్‌లు బ్యాకప్ పెట్టాను. మా ఆయన ఫోన్‌తో నా ఫోన్ ముందు, వెనక, నాలుగు మూలలు, కెమెరా అద్దాలు ఫొటోలు తీశాను. ఈ రెండో పని ఎంత ఉపయోగపడిందో కింద చెబుతాను.

మర్నాడు కంపెనీ టోల్‌ఫ్రీ నంబర్‌కి ఫోన్ చేస్తే రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి ఐఎంఈఐ నంబర్ (`*#06#` కొడితే వస్తుంది), రెండోది ఫోన్ కింద పడిందా అని. పడిందన్నాను. "వారంటీ తయారీ లోపాలకే మేడమ్, ఫిజికల్ డ్యామేజ్‌కి రాదు" అన్నారు. స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్ ఏమైనా తీసుకున్నారా అని కూడా అడిగారు. కొన్నప్పటి బిల్లు తీసి చూశాను. ఫోన్ ధర, ఛార్జర్ ధర తప్ప ప్లాన్ పేరుతో ఏ లైనూ లేదు. మీ బిల్లులో అలాంటి లైను ఉంటే మాత్రం ఆ రోజే క్లెయిమ్ పెట్టండి. మా మరిది ఫోన్‌కి ఉన్న ప్లాన్ కాగితం చూశాను, పగిలిన 48 గంటల్లోపు చెప్పాలని అందులో ఉంది.

13వ తేదీ గురువారం సగం రోజు సెలవు పెట్టి దిల్‌సుఖ్‌నగర్‌లోని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. పదిన్నరకి టోకెన్ తీసుకుంటే కౌంటర్ దగ్గరికి పిలిచేసరికి పన్నెండు దాటింది. అక్కడి అబ్బాయి ఫోన్‌ని కంటికి దగ్గరగా పెట్టుకుని, చిన్న టార్చ్ పక్క నుంచి వేసి చూశాడు. ఫ్రేమ్ మీద బియ్యపు గింజ కంటే చిన్న సొట్ట ఉంది, నాకు అప్పటిదాకా కనిపించనే లేదు. "ఇంపాక్ట్ పాయింట్ ఇదే మేడమ్. పగులు ఇక్కడి నుంచే మొదలైంది" అన్నాడు. దెబ్బ తగిలిన గుర్తు ఎక్కడా లేకుండా గాజు దానంతటదే పగిలితే కంపెనీకి పంపి పరిశీలించమని అడగొచ్చు, సొట్ట ఉంటే ఇక వాదించడానికి ఏమీ ఉండదు. నాకు ఆ మాట న్యాయంగానే అనిపించింది. ఫోన్ పడింది నిజం, లోపం కంపెనీది కాదు.

మా ఆఫీసులో ఒకరు 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టమన్నారు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫ్రేమ్ మీద ఆ సొట్ట లేకపోయి ఉంటే తప్పకుండా చేసేదాన్ని. ఉన్నాక ఆ దారి నాకు పనికొచ్చేది కాదు.

ఎస్టిమేట్ చూశాక గుండె జారింది. డిస్‌ప్లే 7,300, లేబర్ 450, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,395, మొత్తం 9,145 రూపాయలు. ఒక మూల చిన్న గీతకి ఇంతా అని అడిగాను. ఈ మోడల్‌కి గాజు విడిగా మార్చరట. గాజు, టచ్, డిస్‌ప్లే మూడూ ఒకదానికొకటి అతికి ఉంటాయి, పైగా కంపెనీ నుంచి ఫ్రేమ్‌తో కలిపి ఒకే పార్ట్‌గా వస్తాయట. ధర ఎక్కువైనా, వంగిన పాత ఫ్రేమ్ మీద కొత్త డిస్‌ప్లే అతికించే ఇబ్బంది ఉండదని చెప్పాడు. ఆలోచించుకుంటానంటే ఇన్‌స్పెక్షన్ ఛార్జీ కింద 236 రూపాయలు తీసుకున్నారు. తర్వాత అక్కడే రిపేర్ చేయించుకుంటే బిల్లులో తగ్గిస్తామన్నారు. ఆ రసీదు జాగ్రత్తగా దాచుకున్నాను. ఈ ఛార్జీ సంగతి ముందే అడిగి తెలుసుకోండి, అందరూ వెనక్కి ఇవ్వరు.

బయటికి వచ్చే ముందు ఇంకో ప్రశ్న అడిగాను. నిజానికి నా నిర్ణయం మొత్తం దాని మీదే నిలబడింది. "బయట డిస్‌ప్లే మార్పించుకుంటే మిగతా ఫోన్‌కి వారంటీ ఉంటుందా?" ఇన్‌ఛార్జి స్పష్టంగా చెప్పాడు: "బయట ఓపెన్ చేసిన ఫోన్‌కి మేము వారంటీ ఇవ్వం మేడమ్. ఇక్కడ మార్పించుకుంటే బోర్డు, ఛార్జింగ్ పోర్టు, కెమెరా అన్నిటికీ మీ పాత తేదీ వరకు వారంటీ అలాగే ఉంటుంది." నా ఫోన్‌కి అప్పటికి ఇంకా ఏడు నెలలకు పైగా వారంటీ ఉంది.

అయినా బయటి ధర చూడకుండా తొమ్మిది వేలు పెట్టబుద్ధి కాలేదు. 15వ తేదీ శనివారం మెట్రోలో నాంపల్లి వెళ్లి అక్కడి నుంచి ఆటోలో అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్లాను. తోడుగా తమ్ముడు వచ్చాడు. ఇరుకు సందుల్లో అటూ ఇటూ చిన్న చిన్న కౌంటర్లు, ప్రతి దాని ముందూ విప్పేసిన ఫోన్లు. ఒక్కొక్కరు ఒక్కో రేటు చెప్పారు. 2,200 నుంచి 5,800 దాకా తేడా ఉంది. ఒకే ఫోన్‌కి ఇంత తేడా ఎందుకని అడిగితే చాలామంది "క్వాలిటీ మేడమ్" అని ఊరుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం ఓపిగ్గా కూర్చోబెట్టి చూపించాడు.

డ్రాయర్‌లోంచి రెండు డిస్‌ప్లేలు తీసి, రెండూ ఆన్ చేసి, తెరంతా నల్లగా ఉండే ఫొటో పెట్టాడు. చేతిని గొడుగులా అడ్డం పెట్టి "ఇప్పుడు చూడక్కా" అన్నాడు. ఒకటి ఆపేసినంత నల్లగా ఉంది. రెండోది బూడిద రంగులో ఉండి, వెనక నుంచి వెలుతురు వస్తున్నట్టు కనిపించింది. "గిది 2,200ది. ఎల్‌సీడీ కాపీ. నీ ఫోన్‌ల వచ్చింది అమోలెడ్. ఇది ఏస్తే ఫోన్ నడుస్తది కానీ వేలిముద్ర పని చెయ్యది" అన్నాడు. నా ఫోన్‌లో వేలిముద్ర సెన్సర్ డిస్‌ప్లే కింద ఉంటుంది. అమోలెడ్ తెర గుండా వెలుతురు కిందికి పోయి వేలి గీతలు చదువుతుంది. ఎల్‌సీడీలో వెనక బ్యాక్‌లైట్ పొర అడ్డం ఉంటుంది కాబట్టి సెన్సర్‌కి ఏమీ కనిపించదు. రెండిటినీ పక్క నుంచి చూస్తే కాపీది కొంచెం మందంగా కూడా ఉంది. బిగించాక అది ఫ్రేమ్ కంటే పైకి లేచి ఉంటుందని, సందులోకి దుమ్ము పోతుందని ఆయనే చెప్పాడు. అమ్మే మనిషే ఇంత నిజం చెప్పడం నాకు చాలా గౌరవంగా అనిపించింది.

3,800కి వచ్చేది కూడా కాపీయే, కాకపోతే ఓలెడ్ కాపీ. వేలిముద్ర పనిచేయొచ్చు, గ్యారంటీ ఇవ్వనన్నాడు. 5,800ది వేరే పాడైన ఫోన్ నుంచి తీసిన ఒరిజినల్ డిస్‌ప్లే. ఇవి కాక నాలుగో దారి కూడా చెప్పాడు. పగిలిన గాజు ఒక్కటే తీసి కొత్తది అతికించడం, 1,900 రూపాయలు. వేడి ప్లేటు మీద పెట్టి, గాజుకీ డిస్‌ప్లేకీ మధ్య సన్నని తీగ లాగి వేరు చేస్తారు. తర్వాత పారదర్శకంగా ఉండే జిగురు షీట్ వేసి, మెషిన్‌లో నొక్కి, బుడగలు తీస్తారు. కింద డిస్‌ప్లే బాగున్నప్పుడే ఇది కుదురుతుంది. "తీస్తుంటే డిస్‌ప్లే పోతే మా పూచీ ఉండదక్కా. అమోలెడ్ పల్చగుంటది, పది చేస్తే ఒకటో రెండో పోతయి" అన్నాడు. పోతే మళ్లీ మొత్తం డిస్‌ప్లే కొనాల్సిందే.

తమ్ముడికి ఆ 1,900 బాగా నచ్చింది. నేను కూడా దాదాపు ఒప్పుకున్నాను. కానీ బయట ఓపెన్ చేస్తే వారంటీ ఉండదన్న ఇన్‌ఛార్జి మాట గుర్తొచ్చి, సోమవారం చెబుతానని లేచాం. వారంటీ అయిపోయిన ఫోన్ అయి ఉంటే, డిస్‌ప్లే మీద ఏ మచ్చా లేనప్పుడు, నేను ఆ గాజు మార్పిడే చేయించేదాన్ని.

ఆదివారం మరిది వచ్చి "వదినా, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి, ఎందుకీ తలనొప్పి" అన్నాడు. సరేనని ఒక యాప్‌లో నా ఫోన్ వివరాలు పెట్టాం. స్క్రీన్ బాగుంటే 11,000, పగిలితే 3,600 చూపించింది. ఒక మూల పగిలినా, తెరంతా పగిలినా ఆ యాప్‌కి ఒకటే లెక్క. అదే మోడల్ కొత్తది అప్పటికి 22,999. అంటే పాతది ఇచ్చి చేతి నుంచి ఇంకా 19,399 పెట్టాలి, పైగా పాత ఫోన్ ఈఎంఐ నాలుగు నెలలు కట్టాలి. ఇంట్లో లేని ఫోన్‌కి ఈఎంఐ కట్టడం అనే ఆలోచనే నాకు కష్టంగా తోచింది.

ఆ రెండు అంకెలే నన్ను ఇంకో లెక్క వేయించాయి. 9,145 పెట్టి ఒరిజినల్ డిస్‌ప్లే వేయిస్తే ఫోన్ విలువ 3,600 నుంచి మళ్లీ 11,000కి వస్తుంది. అంటే పెట్టిన దాంట్లో 7,400 ఫోన్‌లోనే ఉంటుంది, నిజంగా పోయేది 1,745. అదే 2,200 కాపీ వేయిస్తే, యాప్ అడిగే "స్క్రీన్ ఒరిజినలేనా" అన్న ప్రశ్న దగ్గర ధర మళ్లీ పడిపోతుంది. రెండేళ్లు వాడేసి పక్కన పడేసే ఫోన్‌కి ఈ లెక్క అక్కర్లేదు. ఐదు నెలల ఫోన్‌కి మాత్రం ఇది వేయకుండా నిర్ణయించకూడదని నా అభిప్రాయం. ఇదే 9,145 బిల్లు పన్నెండు వేల ఫోన్‌కి వచ్చి ఉంటే నేనూ మరిది మాటే వినేదాన్ని.

ఇంత ఆలోచించినా ఇంకా పదిరోజులు అలాగే వాడదాం, జీతం పడ్డాక చూద్దాం అనుకున్నాను. 17వ తేదీ సోమవారం ఉదయం అలారం ఆపడానికి ఫోన్ తీస్తే కుడి పక్కన పైనుంచి కిందికి ఆకుపచ్చ గీత. పగిలిన మూలలో శనగగింజంత నల్ల మచ్చ. గాజు మాత్రమే పగిలింది అనుకున్నది కాస్తా ఇప్పుడు లోపలి డిస్‌ప్లే దాకా వెళ్లింది. శనివారం చెప్పిన 1,900 దారి దాంతో మూసుకుపోయింది. ఆ నల్ల మచ్చ ఇంకా పాకితే తెర మొత్తం పోతుందని భయం వేసింది. తెర పోతే ఫోన్‌లో ఏమున్నా చూసుకోలేం.

ఒక చిన్న ఆశ మాత్రం మిగిలింది. అప్‌డేట్ తర్వాత ఆకుపచ్చ గీత వచ్చిన ఫోన్లకు కొన్ని కంపెనీలు ఉచితంగా డిస్‌ప్లే మార్చి ఇచ్చాయని విన్నాను. ఆ ఉదయమే సర్వీస్ సెంటర్‌లో అది అడిగాను. ఇన్‌ఛార్జి విసుక్కోకుండా ఫోన్ ఏటవాలుగా పట్టుకుని చూపించాడు. గీత కింది కొస సరిగ్గా ఆ నల్ల మచ్చలో కలుస్తోంది. లోపం వల్ల వచ్చే గీత గాజు చెక్కుచెదరకుండా ఉన్న ఫోన్‌లో, ఏ మచ్చా లేకుండా వస్తుందని, గాజు పగిలి ఉంటే గీత ఎందువల్ల వచ్చినా దాన్ని ఫిజికల్ డ్యామేజ్‌గానే రాస్తారని చెప్పాడు. తర్వాత కంపెనీకి మెయిల్ పెట్టినా రెండు రోజులకి అదే జవాబు వచ్చింది. పగుళ్లతో ఫోన్ వాడుతూ ఉంటే, రేపు డిస్‌ప్లేలో నిజంగా కంపెనీ లోపమే బయటపడినా వారంటీ అడగలేం. ఇది నాకు అక్కడే అర్థమైంది. ఇక ఆలోచించలేదు, ఫోన్ ఇచ్చేశాను.

ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ చదివాను. "డిస్‌ప్లే బ్రోకెన్, ఫ్రేమ్ డెంట్" అని ఉంది. వెనక వైపు "స్క్రాచెస్" అని కూడా రాసి ఉంది. మంగళవారం రాత్రి తీసిన ఫొటోలు చూపిస్తే ఆ మాట కొట్టేసి సంతకం పెట్టారు. తర్వాత వెనక గీతలు పడితే నావేనని నేను ఒప్పుకున్నట్టు కాకుండా ఉండాలంటే ఇది అవసరం. అలాగే పాటర్న్ లాక్ చెప్పమన్నారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇప్పుడు `Maintenance mode` లేదా `Repair mode` అని ఉంటుంది. సెట్టింగ్స్‌లో అది ఆన్ చేస్తే ఫొటోలు, మెసేజ్‌లు కనిపించకుండా టెక్నీషియన్ ఫోన్‌ని టెస్ట్ చేసుకోగలడు. తెర ఇంకా వెలుగుతోంది కాబట్టి ఆన్ చేసి ఇవ్వగలిగాను. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఆ వీలు కూడా ఉండేది కాదేమో.

పార్ట్ స్టాక్‌లో లేదు, నాలుగైదు రోజులు పడుతుందన్నారు. సిమ్ తీసి ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో వేసుకున్నాను. ఇక్కడ నేను ఊహించని చిక్కు యూపీఐతో వచ్చింది. కొత్తగా వేరే ఫోన్‌లో యూపీఐ పెట్టుకుంటే మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పంపలేం. ఆ రోజే పాప స్కూల్ ఫీజు రెండో వాయిదా కట్టాలి. మా ఆయన ఫోన్‌తో కట్టించాను. రిపేర్ అయి వచ్చాక సొంత ఫోన్‌లో మళ్లీ రిజిస్టర్ చేసుకున్నప్పుడు కూడా అదే 24 గంటలు ఆగాల్సి వచ్చింది. అద్దె, ఫీజుల తేదీలు చూసుకుని ఫోన్ ఇస్తే మంచిది.

శుక్రవారం సాయంత్రం రిపేర్ అయిందని కాల్ వచ్చింది, 22వ తేదీ శనివారం వెళ్లి తీసుకున్నాను. ఇన్‌స్పెక్షన్ ఛార్జీ తగ్గించి 8,909 కట్టాను. పాత డిస్‌ప్లే అడిగితే అది కంపెనీకి పంపాలని ఇవ్వలేదు.

అక్కడే కుర్చీలో కూర్చుని అన్నీ చూసుకున్నాను. తెల్లని ఫొటో, నల్లని ఫొటో పెట్టి చుక్కలున్నాయేమో చూశాను. ఒక యాప్ గుర్తుని వేలితో పట్టుకుని తెరంతా తిప్పి టచ్ ఎక్కడైనా తప్పుతోందేమో చూశాను. వేలిముద్ర పాతది పనిచేయలేదు, తీసేసి మళ్లీ పెట్టుకుంటే పనిచేసింది. చివరికి మా ఆయనకి కాల్ చేసి చెవి దగ్గర పెట్టుకుంటే తెర ఆరలేదు. చెంప తగిలి కాల్ మ్యూట్ అయిపోయింది. ముఖం దగ్గరికి వచ్చినట్టు గుర్తించే సెన్సర్ మీద చిన్న రబ్బరు సరిగ్గా కూర్చోలేదట. మళ్లీ విప్పి అరగంటలో సరిచేసి ఇచ్చారు. తెర చూసి బాగుందని వచ్చేసి ఉంటే దీనికోసం మళ్లీ ఒక పూట పోయేది. కాల్ చేసి చూడకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.

ఇంకో విషయం వాళ్లే చెప్పారు. ఒకసారి విప్పిన ఫోన్‌కి నీటి తుంపర్లు తట్టుకునే గుణం మొదట్లో ఉన్నట్టే ఉంటుందని హామీ ఇవ్వలేమన్నారు. వాన పడితే ఇప్పుడు కవర్‌లో పెడుతున్నాను.

బిల్లులో కొత్త డిస్‌ప్లేకి 90 రోజుల వారంటీ అని ఉంది, మే 23తో అయిపోతుంది. మే మూడో వారంలో మళ్లీ ఆ తెల్ల ఫొటో, నల్ల ఫొటో, కాల్ టెస్టులు చేసి చూస్తాను. ఏదైనా తేడా ఉంటే గడువు లోపలే జాబ్ షీట్ రాయించాలి. ఫోన్ బిల్లు, రిపేర్ బిల్లు, రెండు జాబ్ షీట్లు ఒకే కవర్‌లో పెట్టి, ఫొటోలు తీసి మెయిల్‌లో కూడా పెట్టుకున్నాను. థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే చెరిగిపోతాయి, ఒరిజినల్ వారంటీకి అక్టోబర్ దాకా ఆ బిల్లు కావాలి.